తక్షణ రాజీనామా: లేఖలో వ్రాయవలసినది, వ్రాయకూడనిది

సండూరు తాలూకాలోని చోరనూరు నుండి బళ్ళారికి వచ్చి, ఒక గోదాములో లెక్కలు చూచే మహిళను ఉదాహరణగా తీసుకొందాం. అక్కడ పనిచేసేవారు మొత్తం ఏడుగురు. పనివేళ ముగిసిన తరువాత పర్యవేక్షకుడు ఆమెను ఏదో ఒక నెపంతో నిలిపివేసి అసభ్యంగా మాట్లాడుతున్నాడు. మరునాటి నుండి ఆ గడప తొక్కరాదని ఆమె నిశ్చయించుకొన్నది. ఆ నిర్ణయం ఆమె హక్కు. ఎవరినీ బలవంతంగా ఉద్యోగంలో నిలిపి ఉంచే అధికారం యజమానికి లేదు. అయితే ఆ రాత్రి ఆమె వ్రాసే లేఖ తరువాతి ప్రతి విచారణలోనూ మొదటి పత్రంగా నిలుస్తుంది.

కనుక లేఖకు ముందు జరిగినది జరిగినట్లు ఒక కాగితంపై వ్రాసుకోవాలి. “అతడు దుర్మార్గుడు, నన్ను హింసించాడు” అనేది అభిప్రాయం. “12వ తేదీ సాయంత్రం సుమారు 6.40కి, తూకం గది వద్ద, దారికి అడ్డంగా నిలబడి ఈ మాట అన్నాడు; హమాలీ ఒకరు అక్కడే ఉన్నారు; నేను బదులు చెప్పక బయటకు వచ్చాను” అనేది వాస్తవం. అతడు కన్నడంలో అన్న మాటను కన్నడంలోనే, తెలుగు లిపిలోనైనా సరే, ఉన్నదున్నట్లు ఉంచాలి. అనువదిస్తే మాట పదును మారుతుంది. గుర్తులేని తేదీని ఊహించి నింపరాదు. ఒక్క తేదీ తప్పని తేలినా మిగిలినవాటిపైనా సందేహం పడుతుంది. ఫోనుకు వచ్చిన సందేశాలను తెరచిత్రం తీసుకొన్నామని చెరిపివేయరాదు. సంస్థ లెక్కల పుస్తకాలను ఆధారం పేరుతో ఇంటికి తేవడం మాత్రం వద్దు. అది ఆమెపైనే ఫిర్యాదుకు దారి తీయవచ్చు.

రాజీనామా లేఖ చిన్నదిగా ఉండాలి. ఇట్లా వ్రాయవచ్చు: “పనిచేసే చోట ఈ నెల 5, 12, 19 తేదీలలో జరిగిన సంఘటనల కారణంగా విధులలో కొనసాగలేకపోతున్నాను. నేటి నుండే రాజీనామా చేస్తున్నాను. వివరాలను తగిన అధికారుల ముందు ఉంచే హక్కు నాకు ఉన్నది. నోటీసు గడువును మినహాయించి, నాకు రావలసిన వేతనం, సర్టిఫికెట్లు ఇప్పించగోరుతున్నాను.” ఇందులో ఎవరి పేరూ లేదు, నింద లేదు, కారణం మాత్రం ఉన్నది. చాలామంది మర్యాద కోసం “సొంత కారణాల వలన” అని వ్రాస్తారు. తరువాత ఫిర్యాదు చేసినపుడు యజమాని చూపే మొదటి కాగితం అదే. “నాకు ఏ బకాయీ లేదు, ఏ ఫిర్యాదూ లేదు” అన్న పత్రంపై సంతకం కూడా అటువంటిదే.

పేర్లు ఫిర్యాదులో వ్రాయాలి. విచారించే అధికారం ఉన్నవారికి సద్భావంతో చేసిన ఆరోపణను పరువునష్టం నుండి చట్టం మినహాయిస్తుంది. వాట్సాప్ గుంపులో పెట్టిన ఆరోపణకు ఆ రక్షణ దొరకదు.

నియామక పత్రంలో నెల నోటీసు అని ఉంటే, వెంటనే మానినందుకు ఆ మేరకు సొమ్ము కోత పెడతామని సంస్థ అనవచ్చు. అందుకే మినహాయింపును లేఖలోనే కోరడం. పనిచేసిన దినాల వేతనాన్ని మాత్రం ఎగవేయరాదు. లేఖను స్పీడు పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి; చేతికిస్తే నకలుపై తేదీతో సంతకం తీసుకోవాలి.

కాగితం విలువ ఎంతటిదో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక మహిళా న్యాయాధికారి వ్యవహారం తెలుపుతుంది. 2014 జులైలో, కుమార్తె చదువు మధ్యలో ఉండగా, ఆమెను దూరప్రాంతానికి బదిలీ చేశారు. ఆమె వ్రాసిన విన్నపాలు తిరస్కరణకు గురి కాగా, ఆ నెలలోనే రాజీనామా చేసింది. ఆమె చేసిన లైంగిక వేధింపు ఆరోపణ విచారణలో రుజువు కాలేదు. అయినా 2022 ఫిబ్రవరిలో జస్టిస్ లావు నాగేశ్వరరావు, జస్టిస్ గవాయి ఉన్న సుప్రీంకోర్టు ధర్మాసనం, ఆ రాజీనామా స్వచ్ఛందంగా చేసినది కాదని తేల్చి, ఆమెను తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమన్నది. పాత జీతం మాత్రం ఇప్పించలేదు. ఆరోపణ నిలువని చోట కూడా తేదీలున్న బదిలీ ఉత్తర్వు, విన్నపాలు, వాటికి వచ్చిన జవాబులు నిలిచాయి.

గోదాము ఉద్యోగిని విషయానికి వస్తే, పదిమంది లోపు పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండదు. 2013 నాటి చట్టం ప్రకారం ఆమె జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయాలి. రాజీనామా ఇచ్చినా ఆ హక్కు పోదు. కానీ చివరి సంఘటన జరిగిన నాటి నుండి మూడు నెలలే గడువు. తగిన కారణం చూపితే కమిటీ మరో మూడు నెలలు పొడిగించవచ్చు. ఫిర్యాదు రుజువు కానంత మాత్రాన ఫిర్యాదుదారుపై చర్య ఉండదు. తెలిసి అబద్ధమాడితేనే ఉంటుంది. ఈ చట్టం స్త్రీలపై జరిగే లైంగిక వేధింపుకే పరిమితం. జీతం ఆపడం వంటివాటికి కార్మికశాఖ కార్యాలయానికి వెళ్ళాలి. స్థానిక కమిటీకి ఇచ్చే ఫిర్యాదును ఆరు ప్రతులుగా, ఆధార పత్రాలతో, సాక్షుల పేర్లు, చిరునామాలతో కలిపి అందజేయాలి.