డెలివరీ అయ్యాక షుగర్ టెస్ట్ మళ్లీ ఎందుకు?

ప్రెగ్నెన్సీలో షుగర్ వచ్చింది, డెలివరీ అవ్వగానే తగ్గిపోయింది, ఇంక టెస్ట్ ఎందుకు అని చాలామంది అడుగుతుంటారు. మాయ నుంచి వచ్చే హార్మోన్లు ఇన్సులిన్‌ని సరిగ్గా పనిచేయనివ్వవు. మాయ బయటికి వచ్చేశాక ఆ భారం పోతుంది, షుగర్ దిగుతుంది. కానీ ఆ భారానికి సరిపడా ఇన్సులిన్ ఇవ్వలేకపోయిన ప్యాంక్రియాస్ అదే కదండీ!

అందుకే డెలివరీ అయిన 6 వారాలకి మళ్లీ టెస్ట్. పరగడుపున ఒకసారి రక్తం తీస్తారు, 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకి మళ్లీ తీస్తారు. ఒకావిడకి పరగడుపున 92, తర్వాత 168 వచ్చిందనుకుందాం. మొదటిదొక్కటే చూస్తే నార్మల్ అని ఇంటికి పంపేస్తారు. రెండోది 140 దాటింది కాబట్టి అది ప్రీడయాబెటిస్. 200 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డయాబెటిస్. మూడు నెలల సగటు చెప్పే టెస్ట్‌ని ఇప్పుడే నమ్మలేం, డెలివరీలో రక్తం పోయి ఉంటుంది కాబట్టి తక్కువ చూపించొచ్చు.

అప్పటికి తల్లి పుట్టింట్లో ఉంటుంది, అందరి ధ్యాసా బిడ్డ మీదే. బిడ్డకి 6 వారాల టీకా ఎలాగూ ఉంది, ఆ రోజే పరగడుపున వెళ్లి ఈ పని కూడా చూసుకోండి.

రిజల్ట్ నార్మల్ వచ్చినా, ముందు ముందు టైప్ 2 డయాబెటిస్ వచ్చే రిస్క్ మిగతావాళ్లకన్నా 7 నుంచి 10 రెట్లు ఎక్కువ. అందుకే 1 నుంచి 3 ఏళ్లకోసారి, రెండో బిడ్డ కోసం ప్లాన్ చేసుకునే ముందు కూడా, చెక్ చేయించుకోవాలి.