ఖాళీగా ఉన్న యంత్రం పక్కనే ఇంకో యంత్రం

సగం యంత్రాలు పనిలేక పడి ఉన్న ఫ్యాక్టరీ యజమాని ఇంకో యంత్రం ఎందుకు కొంటాడు? 1960లలో మన దేశంలో ఇందుకు బలమైన కారణమే ఉండేది. విదేశీ మారకద్రవ్యం కొరత వల్ల ముడిసరుకు దిగుమతికి ప్రభుత్వ లైసెన్సు కావాలి. చాలా పరిశ్రమల్లో ఆ లైసెన్సులను ఫ్యాక్టరీ సామర్థ్యాన్ని బట్టి పంచేవారు. యంత్రం తిరుగుతుందా లేదా అన్నది కాదు, ఉందా లేదా అన్నదే లెక్క.

దిగుమతి ధర వంద రూపాయలున్న సరుకు, కొరత వల్ల బజారులో నూట యాభై పలుకుతోందనుకోండి. లైసెన్సు చేతిలో ఉన్నవాడికి ఆ యాభై ఊరికే వచ్చినట్టే. అర్థశాస్త్రం దీన్నే ‘రెంట్’ అంటుంది. ఇంటద్దెతో దీనికి సంబంధం లేదు. ఆ యాభై కోసం కొత్త యంత్రానికి పదిహేను, ఢిల్లీలో పైరవీకి పది ఖర్చుపెట్టినా లాభమే. కానీ ఆ పాతికతో దేశానికి అదనంగా ఒక్క మేకు కూడా తయారుకాలేదు.

అమెరికన్ ఆర్థికవేత్త ఆన్ క్రూగర్ 1974లో ఈ తంతుకు ‘రెంట్ సీకింగ్’ అని పేరుపెట్టారు. 1964లో భారత్‌లో ఇలాంటి రెంట్లు జాతీయాదాయంలో దాదాపు 7.3 శాతమని ఆమె అంచనా. అందులో పెద్ద వాటా దిగుమతి లైసెన్సులదే. లంచం ఒక్కటే నష్టమనుకుంటాం గానీ, నిజాయితీగా, రూలు ప్రకారం కొన్న ఆ తిరగని యంత్రం కూడా నష్టమే.