మూడు నెలల కిందటి జ్వరం, ఇవాళ్టి దువ్వెనలో జుట్టు

తలస్నానం చేసిన ప్రతిసారీ బాత్రూం జాలీకి అడ్డుపడేంత జుట్టు రాలుతుంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది నిన్నా మొన్నా జరిగిన సంగతే. కొత్త షాంపూ, బోరు నీళ్లు, హెల్మెట్, ఆఫీసు టెన్షన్ ఇలా ఒక్కొక్కదాన్నీ తప్పుపడుతూ పోతారు. చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన వేసే మొదటి ప్రశ్న వేరుగా ఉంటుంది: ‘రెండు మూడు నెలల కిందట జ్వరమేమైనా వచ్చిందా? కాన్పు అయిందా? గట్టిగా డైటింగ్ చేశారా?’

డెంగీ, టైఫాయిడ్, కోవిడ్ లాంటి జ్వరాలు, కాన్పు, పెద్ద ఆపరేషన్, తిండి బాగా తగ్గించి బరువు దించుకోవడం... వీటిలో ఏది జరిగినా జుట్టు వెంటనే రాలదు. సాధారణంగా రెండు మూడు నెలలు ఆగి మొదలవుతుంది. కోవిడ్ తర్వాత మాత్రం చాలామందిలో ఇంకాస్త ముందే కనిపించింది. ఈ సమస్యకు టెలోజెన్ ఎఫ్లూవియం అని 1961లో పేరు పెట్టినవాడు అమెరికా చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్‌మన్.

ఇంత ఆలస్యం ఎందుకో తెలియాలంటే వెంట్రుక బతుకు ఎలా సాగుతుందో చూడాలి. తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. వాటిలో ఎక్కువ భాగం, నూటికి 85 నుంచి 90 దాకా, పెరుగుతూనే ఉంటాయి. ఒక్కో వెంట్రుక ఇలా రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో దాని కుదురు కుంచించుకుపోయి, దాదాపు మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. ఆ విశ్రాంతిలో వెంట్రుక పెరగదు, అలాగని ఊడదు కూడా. గడువు తీరాక రాలిపోతుంది, అదే కుదురులో కొత్తది మొలుస్తుంది. లక్షలో పది వేలు విశ్రాంతిలో ఉండి, వంద రోజుల్లో అవన్నీ రాలితే రోజుకు వంద. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం మామూలే అని డాక్టర్లు చెప్పే లెక్క ఇక్కడిదే.

తీవ్రమైన జ్వరం వచ్చినప్పుడు శరీరం జుట్టు పెంచే పనిని పక్కన పెట్టేస్తుంది. ఇంకా ఏళ్ల తరబడి పెరగాల్సిన వెంట్రుకలు కూడా ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్లిపోతాయి. పది వేలు ఉండాల్సిన చోట ముప్పై వేలు చేరితే, మూడు నెలల తర్వాత రోజుకు మూడు వందల దాకా రాలతాయి. అప్పటికి జ్వరం సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు.

కాన్పు కథ కొంచెం వేరు. కడుపుతో ఉన్నప్పుడు పెరిగే ఈస్ట్రోజెన్ వల్ల, మామూలుగా రాలిపోవాల్సిన వెంట్రుకలు కూడా నిలిచిపోతాయి. ఆ నెలల్లో జడ ఒత్తుగా కనిపించడానికి కారణం అదే. కాన్పు కాగానే ఆ హార్మోన్ పడిపోతుంది, ఆగిన బాకీ అంతా రెండు నుంచి నాలుగు నెలల మధ్య ఒకేసారి వసూలవుతుంది. బిడ్డకు పాలివ్వడం వల్లే జుట్టు పోతోందని పాలు మానిపించాలనుకునేవారున్నారు, అది అనవసరం. అసలు చూసుకోవాల్సింది బాలింత పథ్యాన్ని. కాన్పులో రక్తం పోయిన తల్లికి పప్పు, గుడ్డు, ఆకుకూరలు కూడా వద్దని వెల్లుల్లి కారంతోనే నెట్టుకొస్తే, కోలుకోవడం ఆలస్యమవుతుంది. చాలామందికి బిడ్డ మొదటి పుట్టినరోజు నాటికి జుట్టు మళ్లీ సర్దుకుంటుంది.

డైటింగ్ చేసేవారిని ఈ మూడు నెలల గడువు మరీ ఇబ్బంది పెడుతుంది. మాఘమాసంలో పెళ్లి అనుకుని దసరా నుంచి అన్నం, పప్పు మానేసి జ్యూసులతో బరువు దించిన అమ్మాయికి, జుట్టు రాలడం సరిగ్గా పెళ్లి పనుల వేళకే మొదలవుతుంది. బరువు ఎంత తగ్గారన్నదే కాదు, ఎంత వేగంగా తగ్గారు, మాంసకృత్తులు, ఐరన్ ఎంత తగ్గాయన్నది ముఖ్యం.

కోలుకోవడానికి ఎంతకాలం పడుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఆగస్టు చివర్లో డెంగీ వచ్చి తగ్గిన ముప్పై ఏళ్ల మహిళ అనుకుందాం. నవంబరు మధ్యలో దువ్వెన నిండా జుట్టు రావడం మొదలవుతుంది, డిసెంబరులో మరీ ఎక్కువవుతుంది. ఫిబ్రవరి వచ్చేసరికి తగ్గుముఖం పట్టి, మార్చి కల్లా మామూలు స్థాయికి చేరుతుంది. ఈలోపే నుదుటి దగ్గర, పాపిడి వెంట చిన్న వెంట్రుకలు నిక్కబొడుచుకుని కనిపిస్తాయి. నూనె రాసినా అణగవని విసుగు తెప్పించే ఆ వెంట్రుకలే కొత్త జుట్టు. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతాయి కాబట్టి, మళ్లీ ఆగస్టుకు ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లకు చేరతాయి. అప్పటికి తల నిండుగానే కనిపిస్తుంది. జడ మాత్రం పైన లావుగా, కింద సన్నగా ఉంటుంది. భుజాల కిందికి దిగే జుట్టయితే ఆ తేడా పోవడానికి రెండు మూడేళ్లు, నడుము దాకా ఉండే జుట్టయితే ఐదేళ్ల దాకా పట్టవచ్చు. రాలడం ఆగడం ఒకటి, పాత జడ తిరిగి రావడం మరొకటి. ఈ రెంటినీ కలిపేసుకున్నవారే ‘ఏడాదైనా నా జుట్టు రాలేదు’ అని దిగులు పడతారు.

ఈ క్యాలెండర్ నూనెల కంపెనీలకు కూడా బాగా కలిసొస్తుంది. నవంబరులో భయపడి, డిసెంబరులో ఏదో నూనె కొని రాసుకుంటే ఫిబ్రవరిలో రాలడం తగ్గుతుంది. తగ్గించింది గడువు, పేరు నూనెకు! గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్న నమ్మకం కూడా ఇలాంటిదే. కత్తి చర్మం పైనే తిరుగుతుంది, లోపలి కుదురును తాకదు.

ఊడిన వెంట్రుక చివర తెల్లటి చిన్న గుండుసూది తలలాంటిది కనిపిస్తే ‘వేళ్లతో సహా వచ్చేసింది’ అని హడలిపోతారు. నిజానికి అది విశ్రాంతి ముగించుకుని వచ్చిన వెంట్రుక అని చెప్పే గుర్తు. కుదురు చర్మంలోనే భద్రంగా ఉంటుంది. ఆ తెల్లటి ముడి లేకపోతే జుట్టు రాలలేదు, మధ్యలో తెగిందన్నమాట.

అన్నీ ఈ కోవలోకి రావు. టెలోజెన్ ఎఫ్లూవియంలో జుట్టు తలంతా సమానంగా పలచబడుతుంది. పేనుకొరుకుడులా గుండ్రని మచ్చగా పోయినా, పాపిడి మాత్రమే వెడల్పవుతున్నా, మాడు మీద దురద, పొలుసులు ఉన్నా సమస్య వేరు. కొందరికి వంశపారంపర్యంగా నెమ్మదిగా పలచబడుతున్న జుట్టు, జ్వరం తర్వాతి రాలుడుతో ఒక్కసారిగా బయటపడుతుంది. వారికి ఏడాది ఆగినా పూర్తిగా తిరిగి రాదు, విడిగా చికిత్స కావాలి. ఆరు నెలలు దాటినా రాలడం ఆగకపోతే డాక్టర్లు సాధారణంగా హిమోగ్లోబిన్, ఫెరిటిన్, థైరాయిడ్ పరీక్షలు రాస్తారు. కాన్పు తర్వాత థైరాయిడ్ గాడి తప్పడం అరుదేమీ కాదు.

ఆ పరీక్షలకు వెళ్లేవారు ఒక సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. జుట్టు కోసమని మందుల షాపులో కొని వేసుకునే బయోటిన్ మాత్రలు, లోపం లేనివారికి మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. పైగా ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేస్తాయి, లేని జబ్బు ఉన్నట్టు చూపించగలవు. అందుకే రక్తం ఇవ్వడానికి ఎన్ని రోజుల ముందు వాటిని ఆపాలో డాక్టరునే అడగాలి.