కెపాసిటర్, ఎర్ర పెన్ను, రెండు పాత రూల్స్

మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో నేనో వాక్యం రాశాను: “వుయ్ ఫెయిల్డ్ టు కంప్లీట్లీ డిశ్చార్జ్ ద కెపాసిటర్.” ఛార్జ్ చాలావరకు పోయింది, కొంచెం మిగిలింది అని నా ఉద్దేశం. కరెక్షన్‌కి ఇస్తే ‘కంప్లీట్లీ’ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన ‘స్ప్లిట్ ఇన్ఫినిటివ్, తప్పు’ అని రాసిచ్చారు. సరే అని ఆ మాటని కొంచెం ముందుకి జరిపాను: “వుయ్ కంప్లీట్లీ ఫెయిల్డ్ టు డిశ్చార్జ్ ద కెపాసిటర్.” వైవాలో ఎక్స్‌టర్నల్ అది చదివి అడిగిన మొదటి ప్రశ్న: “అంటే మీ బ్లీడర్ రెసిస్టర్ అస్సలు పనే చెయ్యలేదా?”

తప్పు ఆయనది కాదు. నేను రాసిన దానికి అర్థం అదే. గ్రామర్ సరిచెయ్యబోయి రిజల్ట్ మార్చేశాను. ఆ తర్వాతే ఈ రూల్ ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతికాను.

‘టు’కీ దాని పక్కనుండే క్రియకీ మధ్య ఇంకో మాట దూరితే దాన్ని స్ప్లిట్ ఇన్ఫినిటివ్ అంటారు. ఇంగ్లీషులో ఇలా రాయడం 13, 14 శతాబ్దాల నుంచీ ఉంది. ఇది తప్పన్న మాట బాగా పాకింది మాత్రం 19వ శతాబ్దంలో. కాంటర్‌బరీ డీన్ హెన్రీ ఆల్ఫర్డ్ 1864లో వచ్చిన తన పుస్తకంలో, ఇంగ్లీషువాళ్ళు అసలిలా మాట్లాడరు అన్నట్టు రాశాడు. నిజానికి మాట్లాడేవారు, రాసేవారు కూడా. లాటిన్‌లో ఇన్ఫినిటివ్ ఒకే పదం కాబట్టి ఇంగ్లీషులోనూ విడదీయకూడదని ఇంకో వాదన చెప్తుంటారు. మన ‘చెయ్యడానికి’ కూడా ఒకే పదమే. అంతమాత్రాన ఇంగ్లీషు మన పద్ధతిలో నడవాలా?

కాబట్టి ఈ రూల్ ఒట్టి అపోహ. దాని వెనకున్న అసలు రూల్ వేరు: ఆ మాట ఏ క్రియకి చెందుతుందో చదివేవాడికి తెలియాలి. నా వాక్యాన్ని “ఫెయిల్డ్ కంప్లీట్లీ టు డిశ్చార్జ్” అని రాస్తే పూర్తిగా ఫెయిలయ్యామో, పూర్తిగా డిశ్చార్జ్ అవ్వలేదో తేలదు. వాక్యం చివర, ‘కెపాసిటర్’ తర్వాత పెడితే బాగానే ఉంటుంది. కానీ కెపాసిటర్ వెనకాల ‘రెక్టిఫయర్ అవుట్‌పుట్‌కి కలిపిన’ లాంటి వివరమంతా చేరితే ‘కంప్లీట్లీ’ మరీ దూరమైపోతుంది. అప్పుడు ‘టు’ పక్కనే దానికి సరైన చోటు. “వుయ్ ప్లాన్ టు మోర్ దాన్ డబుల్ ద శాంప్లింగ్ రేట్” అన్నదాంట్లో అయితే ‘మోర్ దాన్’ని ఎటు జరిపినా వాక్యం చెడిపోతుంది.

రెండో రూల్, వాక్యం చివర ప్రిపోజిషన్ రాకూడదన్నది, ఇంకా పాతది. 1672లో కవి జాన్ డ్రైడెన్ తనకన్నా ముందుతరం వాడైన బెన్ జాన్సన్‌లో ఈ తప్పు పట్టాడు. తమాషా ఏంటంటే 1668లో డ్రైడెన్ తనే అలా రాశాడు. 1684లో ఆ వ్యాసం మళ్ళీ అచ్చయినప్పుడు అలాంటి వాక్యాలు దిద్దుకున్నాడు. 1762లో రాబర్ట్ లోత్ తన వ్యాకరణంలో, మాటల్లో ఇది సహజమే, గంభీరమైన రచనలో మాత్రం ముందు పెడితే అందం అన్నాడు. అంటే అది స్టైల్ సలహా. తర్వాత దాన్నే కొందరు శాసనం చేసేశారు.

ఈ శాసనానికి భయపడితే మన తెలుగువాళ్ళకి ఇంకో చిక్కుంది. మన ‘కి’, ‘తో’, ‘లో’ మాటకి అంటుకునే ఉంటాయి, విడిగా చివర మిగలవు. ‘మేం ప్రోబ్ కలిపిన పిన్’ అన్నప్పుడు ‘కి’ మాయమైపోతుంది, అయినా అర్థమవుతుంది. అదే అలవాటులో “ద పిన్ వుయ్ కనెక్టెడ్ ద ప్రోబ్” అని ఆపేస్తాం. అది నిజంగానే తప్పు. చివర ‘టు’ ఉండాలి, లేదా “ద పిన్ టు విచ్ వుయ్ కనెక్టెడ్ ద ప్రోబ్” అనాలి. రెండూ ఒప్పే, రెండోది కాస్త ఫార్మల్. రెండు చోట్లా ‘టు’ పెట్టేస్తే మళ్ళీ తప్పు. “ద ఎర్రర్ వాజ్ నాట్ అకౌంటెడ్ ఫర్” లాంటి వాక్యంలో అయితే ఆ ‘ఫర్’ని ముందుకి తీసుకెళ్ళే దారే లేదు.

ఇప్పుడు అనుమానమొస్తే నేను వాక్యాన్ని ముందు తెలుగులో అనుకుంటాను. ‘పూర్తిగా డిశ్చార్జ్ చెయ్యలేకపోయాం’ వేరు, ‘డిశ్చార్జ్ చెయ్యడంలో పూర్తిగా ఫెయిలయ్యాం’ వేరు. నాకు కావాల్సింది మొదటిదైతే ‘కంప్లీట్లీ’ని ‘టు’ పక్కనే ఉంచేస్తాను. ఎర్ర సున్నా పడితే పడనీ, రీడింగ్ చూపించి మాట్లాడుకోవచ్చు.