పులిహోరను ఇటాలియన్‌లో చెప్పాలంటే

పులిహోర ఎలా చెయ్యాలో ఇటాలియన్‌లో రాసిమ్మని ఎవరైనా అడిగితే, చింతపండు దగ్గరే చిక్కు మొదలవుతుంది. తమరిందో అన్న మాట అక్కడ కొత్తదేమీ కాదు. కాకపోతే చాలామందికి అది నీళ్లలో కలుపుకుని తాగే తియ్యటి సిరప్ సీసా. ఉత్తినే ‘తమరిందో’ అని రాసి ఊరుకుంటే ఆ సీసానే అన్నంలోకి వంపేస్తారు. ‘పోల్పా ది తమరిందో’, అంటే చింతపండు గుజ్జు అని రాసి, పక్కనే ‘సిరప్ కాదు’ అని కూడా చేర్చాలి. బొత్తిగా తెలియని పేరు కనిపిస్తే మనిషి ఆగి అడుగుతాడు. తెలిసినట్టే ఉన్న పేరుతోనే తంటా.

కరివేపాకు ఇందులో అందరికంటే మాయలాడి. ఇటాలియన్‌లో దాన్ని ‘ఫోల్యే ది కర్రీ’ అంటారు. కర్రీ అనగానే వాళ్లకు గుర్తొచ్చేది డబ్బాలోని పసుపురంగు పొడి. పొడి అయినా నయమే. అక్కడి నర్సరీల్లో ‘కర్రీ మొక్క’ పేరుతో ఒక కుండీ కూడా అమ్ముతారు. అది ఎలిక్రీజో అనే మధ్యధరా మొక్క. సన్నటి బూడిదరంగు ఆకులు, పసుపు పూలు, నలిపితే కర్రీ పొడి వాసన. మన కరివేపాకుతో దానికి చుట్టరికం లేదు. అందుకని ‘ముర్రాయ కోనిగి’ అనే శాస్త్రీయ నామం రాయడం చాదస్తమేమీ కాదు. అది దొరక్కపోతే మానేయమని చెప్పాలి గానీ, బిర్యానీ ఆకులాంటి అల్లోరో వెయ్యమని చెప్పకూడదు.

అయితే శాస్త్రీయ నామం అన్నిచోట్లా ఆదుకోదు. మినుములను వృక్షశాస్త్రంలో ‘విగ్నా ముంగో’ అంటారు. ఇటలీ దుకాణాల్లో ‘ఫజోలో ముంగో’ అని రాసి ఉండేవి మాత్రం సాధారణంగా పెసలు! ఇక పప్పులన్నిటినీ కలిపి ‘లెంతిక్యే’ అనేస్తే గోధుమరంగు లెంటిల్స్ తెచ్చి ఉడకబెడతారు. ఇక్కడ పేరుకన్నా పని చెప్పడం మేలు. ‘పొట్టు తీసిన తెల్లటి చిన్న పప్పు, పొట్టు తీసి రెండుగా చేసిన చిన్న శనగలు, రెండూ పచ్చివే, ఉడికించకూడదు, నూనెలో ఎర్రగా వేయించాలి, పంటికింద కరకరలాడాలి’ అంటే చాలు. ఇది అర్థమైనవాళ్లు పప్పు దొరకనప్పుడు వేరుశనగ గింజలు వేసుకుంటారు, పులిహోరకు లోటు రాదు.

పోపు అనగానే నోటికొచ్చే ఇటాలియన్ మాట ‘సొఫ్రిత్తో’. వాడకపోవడమే మంచిది. సొఫ్రిత్తో అంటే ఉల్లి, క్యారెట్, సెలరీ తరుగును సన్నని సెగమీద నిదానంగా మగ్గించడం. పోపులో నూనె బాగా కాగాలి, అంతా ఒకటి రెండు నిమిషాల్లో అయిపోవాలి. అందుకే వరుస విప్పి రాయాలి: నలుగురికి నాలుగు పెద్ద చెంచాల నూనె, అందులో రెండు చెంచాల శనగపప్పు, ఒక చెంచా మినపప్పు, అవి రంగు తిరుగుతుండగా చిన్న చెంచాడు ఆవాలు, చిటపటలాడగానే నాలుగు ఎండుమిర్చి, చీల్చిన పచ్చిమిర్చి, కరివేపాకు, చివర్లో చిటికెడు ఇంగువ. ఆవాలకు ‘సేమి ది సేనపే’ అని పూర్తిగా రాయాలి. వట్టి ‘సేనపే’ అంటే సీసాలో దొరికే ఆవముద్ద.

ఇంగువను వాళ్లు ‘అస్సాఫేతిదా’ అంటారు. ఇవాళ్టి ఇటాలియన్ వంటింట్లో అది దాదాపు కనిపించదు గానీ, ప్రాచీన రోమన్లు వాడినదే. అపీసియస్ పేరుతో మనకు మిగిలిన రోమన్ వంటల పుస్తకంలో ‘లాసెర్’ అనే ఘాటైన జిగురు తరచూ వస్తుంది. అందులో పార్థియా నుంచి వచ్చిన రకం ఇంగువే. ఈ ముచ్చట కంటే అవసరమైనది ఇంకొకటి ఉంది. డబ్బాల్లో అమ్మే ఇంగువపొడిలో తరచుగా గోధుమపిండి కలుస్తుంది. భోజనానికి వచ్చేవాళ్లలో గ్లూటెన్ పడనివాళ్లుంటే లేబుల్ చూడమని రాయాలి.

అన్నం సంగతి చెప్పడం తేలిక. ‘ఇన్సలాతా ది రిసో’ అని వేసవిలో వాళ్లు చల్లటి అన్నం వంటకం ఒకటి చేస్తారు. దానికి బియ్యాన్ని మరిగే నీళ్లలో ఉడికించి వార్చేస్తారు, మనం గంజి వార్చినట్టే. పులిహోరకూ ఆ బియ్యమే కావాలి, రిసొత్తోకు వాడే జిగురు బియ్యం పనికిరాదు. 300 గ్రాముల బియ్యానికి 40 గ్రాముల చింతపండు నానబెట్టి గుజ్జు తీసి, పసుపు, ఉప్పు వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించాలి. ఆ నూనె తేలకముందే దింపితే పచ్చివాసన పోదు. ఉప్పు ఎంతో అని తల పట్టుకోనక్కర్లేదు. వాళ్ల వంటల పుస్తకాల్లో ‘క్వాంతో బాస్తా’ అని ఉంటుంది, మన ‘తగినంత’ అదే.

చింతపండు గుజ్జు ఎక్కడా దొరకలేదంటే నిమ్మకాయ పులిహోర రాసిస్తే సరి. నిమ్మకాయలకు ఇటలీలో కొదవ లేదు. పొయ్యి ఆర్పి, పోపు కాస్త చల్లారాకే రసం పిండమని మాత్రం గీత గీసి మరీ రాయాలి, లేకపోతే చేదెక్కుతుంది.