ఆ 3,000 తేడా ఎక్కడిది?

‘మీ అభ్యర్థన మేరకు 25 శాతం రాయితీ మంజూరు చేయడమైనది. సవరించిన వాయిదాల ప్రకారం చెల్లించగలరు.’ స్కూల్ ఆఫీసు నుంచి ఇలాంటి మెయిల్ వచ్చిందనుకోండి. మొత్తం ఫీజు 48,000. తండ్రి అందులో పావు వంతు, అంటే 12,000 తగ్గిందనుకుంటాడు. ఆఫీసు మాత్రం 36,000 ట్యూషన్ ఫీజు మీదే రాయితీ లెక్కగట్టి 9,000 తగ్గించింది. మిగతా 12,000 బస్సు ఫీజులో తగ్గింపు లేదు. 3,000 తేడా కౌంటర్ దగ్గర గొడవవుతుంది.

మెయిల్‌లో శాతం కన్నా రూపాయలు ముందుండాలి. ఇలా రాస్తే సరి:

‘నమస్కారం అండి. మీ అబ్బాయి ట్యూషన్ ఫీజులో 9,000 రాయితీ మంజూరైంది. బస్సు ఫీజుకు ఇది వర్తించదు. ఈ ఏడాది కట్టాల్సింది 39,000. జూన్‌లో మీరు 12,000 కట్టారు. మిగిలిన 27,000 మూడు వాయిదాల్లో కట్టండి:

జులై 10: 9,000
సెప్టెంబర్ 10: 9,000
నవంబర్ 10: 9,000

పాత వాయిదాల పట్టిక రద్దయింది. రాయితీ ఈ విద్యా సంవత్సరానికే.’

పాత పట్టిక రద్దయిందన్న మాట మరవకూడదు. అది లేకపోతే రెండు పట్టికల్లో ఏది చెల్లుతుందో తల్లిదండ్రులకు తెలియదు. పంపేముందు వాయిదాలు కూడి చూడాలి: కట్టినదీ, కట్టాల్సినదీ కలిపితే 39,000 రావాలి.