మాస్టారి నాడి లెక్క

తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా లెక్కలు చెప్పి రిటైరైన ఆ మాస్టారికి 71 ఏళ్లు. ఉగాది ముందు రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయారు. మొదటిసారి ఎండదెబ్బ అనుకున్నారు. రెండోసారి పెరట్లో కుళాయి దగ్గర పడితే కనుబొమ్మ చిట్లింది. ఆస్పత్రిలో ఈసీజీ తీసి చూస్తే గుండె నిమిషానికి 34 సార్లే కొట్టుకుంటోంది.

డాక్టరు దాన్ని కంప్లీట్ హార్ట్ బ్లాక్ అన్నారు. ఈ బ్లాక్ రక్తనాళంలో పూడిక కాదు, స్టెంటుతో తీరేదీ కాదు. గుండె పై గదుల్లో పుట్టే విద్యుత్ సంకేతం కింది గదులకు చేరే దారి పూర్తిగా తెగిపోవడం. పై గదులు తమ వేగంతో తాము కొట్టుకుంటుంటాయి. కింది గదులు ఆ కబురు అందక, తమకు చేతనైన నిదానపు వేగంతో నెట్టుకొస్తుంటాయి. వయసు మీద పడ్డాక ఈ దారి పాడైతే మందులతో తిరిగి బాగుపడదు. అందుకే మాస్టారికి ఎడమ కాలర్ ఎముక కింద, చర్మం అడుగున పేస్‌మేకర్ పెట్టారు. అంతమేరకే మత్తిచ్చి, ఒక సిర గుండా రెండు లీడ్లు, అంటే సన్నని తీగలు, గుండెలోకి పంపారు. ఒకటి పై గదికి, ఇంకొకటి కింది గదికి. పైన పుట్టిన సంకేతాన్ని పేస్‌మేకర్ విని కిందికి అందిస్తుంది. అందువల్లే మేడమెట్లు ఎక్కినప్పుడు ఆయన గుండె వేగం మామూలుగానే వందకు చేరుతుంది, కూర్చోగానే దిగుతుంది.

ఇంటికొచ్చాక మొదటి చిక్కు చెయ్యి. కొత్తలో లీడ్ల కొనలు గుండె గోడలో ఇంకా కుదురుకోవు కాబట్టి, ఎడమ చేతిని కొన్ని వారాలపాటు భుజం కంటే పైకి ఎత్తవద్దని చెప్పారు. ఆయన దాన్ని అసలు కదపకూడదని అర్థం చేసుకుని, మెడకు కండువా కట్టి చేతిని అందులో వేలాడదీశారు. పది రోజులకు భుజం పట్టేసింది. "నాన్నా, ఎత్తొద్దన్నారు గానీ కట్టేసుకోమనలేదు" అని కూతురు కండువా విప్పించింది. భుజం ఎత్తు లోపల చెయ్యి ఆడిస్తూ ఉండాల్సిందే. కొన్నాళ్లు తలమీంచి తొడుక్కునే బనీను మానేసి, ముందు గుండీలున్న చొక్కాలు వేసుకున్నారు.

రెండో చిక్కు నాడి. పేస్‌మేకర్‌ను 60కి పెట్టామని చెప్పడంతో, దానికంటే తగ్గితే యంత్రం చెడినట్టేనని మాస్టారు తీర్మానించుకున్నారు. రోజూ పొద్దున్నే మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నిమిషం పూర్తిగా లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకునేవారు. 68, 72, 70. పదకొండో వారంలో ఒకరోజు 44 వచ్చింది. మళ్లీ లెక్కపెడితే మళ్లీ 44. బీపీ మిషన్ కూడా అదే చూపించింది. "ఏమండీ, కళ్లు తిరుగుతున్నాయా?" అని ఆవిడ అడిగితే లేదన్నారు. అయినా ఆటో ఎక్కి ఆస్పత్రికి వెళ్లారు. వెళ్లడం సరైన పనే, ఎందుకంటే లీడు జారినా ఇలాగే నాడి పడిపోతుంది.

అక్కడ ఈసీజీలో గుండె 88 సార్లు కొట్టుకుంటోంది. ప్రతి మామూలు కొట్టు వెనకే కింది గదుల నుంచి ఒక తొందరపాటు కొట్టు పడుతోంది. గది రక్తంతో నిండకముందే కొట్టుకోవడం వల్ల ఆ అల మణికట్టు దాకా రావడం లేదు. నాడిని వేలితో చూసినా, మిషన్‌తో చూసినా అందేది సగమే. పేస్‌మేకర్ ఆ అదనపు కొట్టునూ గుర్తించి, తన వంతు కోసం ఆగుతోంది. అంటే అది చేయాల్సిన పనే చేస్తోంది. రక్తపరీక్షలో పొటాషియం తగ్గినట్టు తేలింది. బీపీ కోసం వాడే నీళ్ల బిళ్లకు తోడు, ఆ వారం విరేచనాలు కూడా అయ్యాయట. పొటాషియం సరిచేశాక అదనపు కొట్లు తగ్గిపోయాయి.

మూడు నెలల చెకప్ ఎలాగూ దగ్గరపడిందని అదే రోజు కానిచ్చేశారు. ఇందులో సూది లేదు, కోత లేదు. ప్రోగ్రామర్ అనే కంప్యూటర్‌కు తగిలించిన చిన్న పరికరాన్ని చొక్కా మీదే, పేస్‌మేకర్ ఉన్నచోట ఆనించారు. బ్యాటరీ ఎంతుందో, తీగల నిరోధం మారిందో లేదో తెర మీదికొచ్చింది. నిరోధం బాగా పెరిగితే తీగ విరిగిందేమోనని, బాగా తగ్గితే దాని పైతొడుగు చెడిందేమోనని అనుమానిస్తారు.

"మాస్టారూ, ఇప్పుడు కరెంటు కొంచెం కొంచెంగా తగ్గిస్తాను. ఒక్క క్షణం గుండె ఆగినట్టనిపిస్తే భయపడకండి" అంది టెక్నీషియన్ అమ్మాయి.

తెర మీద నిలువుగా ఒక సన్నని గీత, దాని వెనకే వెడల్పాటి అల. గీత పేస్‌మేకర్ ఇచ్చిన దెబ్బ, అల గుండె ఇచ్చిన జవాబు. 2 వోల్టుల నుంచి ఒక్కో మెట్టూ దిగుతుంటే 0.75 వోల్టుల దాకా ప్రతి గీత వెనకా అల ఉంది. 0.5 దగ్గర గీత పడింది గానీ అల రాలేదు. మాస్టారికి ఛాతీలో ఏదో వెలితిగా అనిపించేలోపే ఆ అమ్మాయి పరీక్ష ఆపేసింది, అలలు తిరిగొచ్చాయి. గుండె పలికే కనీస వోల్టేజీ 0.75 అన్నమాట. దీన్నే థ్రెషోల్డ్ అంటారు. లీడు కొన దగ్గర మొదటి వారాల్లో వాపుంటుంది కాబట్టి ఈ అంకె పెరగవచ్చు. ఆ భయంతోనే మొదట 3.5 వోల్టులకు పెడతారు. వాపు తీరి గాయం కుదురుకున్నాక, థ్రెషోల్డ్‌కు రెట్టింపు కంటే తగ్గకుండా చూసుకుని దించుతారు. మాస్టారికి 2 వోల్టులు పెట్టారు.

ఇక్కడ లెక్కల మాస్టారు తేరుకున్నారు. దెబ్బకు అయ్యే ఖర్చు వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 3.5 వర్గం 12.25, 2 వర్గం 4. ఖర్చు మూడో వంతుకు పడిపోయిందన్నమాట. మరి బ్యాటరీ మూడింతలు వస్తుందా అని అడిగారు. రాదు, ఎందుకంటే గుండెను కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్ ఎలాగూ కరెంటు వాడుకుంటూనే ఉంటుంది. అయినా 8 ఏళ్లున్న అంచనా 11 ఏళ్లకు చేరింది. ఈ ఒక్క సర్దుబాటు కోసమైనా మూడు నెలల చెకప్‌కు వెళ్లాలి. బాగానే ఉన్నాం కదా అని మానేస్తే 3.5 వోల్టులే నడుస్తూ, బ్యాటరీ ఊరకే ఖర్చయిపోతుంది.

ఇంట్లో మారినవి కొన్నే. సెల్‌ఫోన్ చొక్కా ఎడమ జేబులోంచి పంచె మడతలోకి పోయింది, కుడి చెవి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నారు. పేస్‌మేకర్‌కు ఫోను 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. అయస్కాంతం మరీ దగ్గరైతే పేస్‌మేకర్ గుండె మాట వినడం మాని, ఒకే వేగంతో కొడుతుంది. దూరం జరిపితే మళ్లీ మామూలే. ఇండక్షన్ పొయ్యికి రెండడుగులు ఎడంగా ఉంటే చాలు. మిక్సీ, టీవీ, ఫ్రిజ్‌లతో పేచీ లేదు. తిరుమల వెళ్లినప్పుడు తనిఖీ దగ్గర కార్డు చూపించి, మెటల్ డిటెక్టర్ ద్వారంలో ఆగకుండా నడిచిపోయారు.

ఆ కార్డును కూతురు ఫోటో తీసి పెట్టుకుంది. పేస్‌మేకర్ మోడల్, లీడ్ల మోడల్ అందులో ఉంటాయి. ఎమ్మారై తీయాల్సి వస్తే రెండూ దానికి పనికొచ్చేవేనా అని చూడాలి. ఏ ఆపరేషన్‌కైనా ముందు ఈ సంగతి చెప్పాలి. ఇంకో విషయం మాస్టారే తడుముకోకుండా కూతురికి చెప్పారు. దహనానికి ముందు దీన్ని తీయించి తీరాలి, లేకపోతే మంటల వేడికి బ్యాటరీ పేలుతుంది.

ఆయన ఇప్పుడు నాడిని వారానికోసారే చూస్తున్నారు. కళ్లు తిరిగినా, గాయం దగ్గర ఎర్రబడినా, వాచినా, చీము పట్టినా, ఆగని ఎక్కిళ్లు పట్టుకున్నా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు. లీడు కదిలి కింది పొర కండరాన్ని తడితే ఎక్కిళ్లొస్తాయి. ఏమీ లేకపోతే చెకప్ ఆరు నెలలకోసారి. బ్యాటరీ చివరికొచ్చే కొద్దీ మూడు నెలలకోసారి వెళ్లాలి. మార్చాల్సిన గుర్తు కనిపించిన రోజున కూడా, అది ఆగిపోవడానికి ఇంకా మూడు నెలల దాకా గడువుంటుంది. అప్పుడు లీడ్లు బాగుంటే వాటిని కదపరు, పాత కోత దగ్గరే తెరిచి పెట్టె ఒక్కటే మార్చి కుట్టేస్తారు.